అన్నా, ఖోఖో కోచింగ్ నేను ఒప్పుకోలేను

అన్నా,

నిన్న గ్రౌండ్ దగ్గర నువ్వు అడిగినప్పుడు అందరి ముందు ఏం చెప్పాలో తోచలేదు, ఇంటికొచ్చి బాగా ఆలోచించుకున్నా. మన పిలకాయల ఖోఖో టీమ్‌కి కోచ్‌గా నేను ఉండలేనన్నా. చూద్దాంలే అని నాన్చితే నువ్వు నా కోసం ఆగి ఇంకొకరిని వెతకవు, అందుకే ఈరోజే చెప్పేస్తున్నా.

కారణం సిమెంటు ఫ్యాక్టరీలో నా షిఫ్టులే. ఒక వారం పొద్దున 6 నుంచి 2, ఇంకో వారం 2 నుంచి రాత్రి 10, ఆ పై వారం రాత్రి 10 నుంచి తెల్లారి 6. మీ ప్రాక్టీసు సాయంత్రం నాలుగున్నరకు. బి షిఫ్ట్ వారం మొత్తం నేను ఎర్రగుంట్లలో ఉన్నా లేనట్టే. నైట్ వారం పగలు నిద్రపోవాలి, మన ఎండలకు రేకుల ఇంట్లో ఆ నిద్ర ఎంత పడుతుందో నీకు తెలుసు, లేచి గ్రౌండ్‌కు రావచ్చు గానీ తల పనిచేయదు. ఇక ఎ షిఫ్ట్ వారమైనా గ్యారంటీనా అంటే అదీ లేదు. రిలీవర్ రాకపోతే నేను సీటు వదలకూడదు. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాలుతుంటే కంట్రోల్ రూమ్‌లో మనిషి లేకుండా కిల్న్ నడపరు కదన్నా, ఆ రోజు డబుల్ డ్యూటీ అంతే. ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి కూడా ఒక్కోసారి వీలు పడదు.

"వీలైనప్పుడు వచ్చి చూసుకో చాలు" అన్నావు. పెద్దోళ్ల టీమ్ అయితే సరేననేవాణ్ణి. వీళ్లంతా పదీ పన్నెండేళ్ల పిల్లలు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. నిన్న చూశావుగా, కూర్చున్నోళ్లు వీపు మీద చెయ్యి పడకముందే, ఖో వినపడకముందే లేస్తున్నారు. ఒక పక్కకు అడుగేశాక రన్నర్ వెనక్కి తిరిగితే వీళ్లూ వెనక్కి తిరుగుతున్నారు. ఇవి ఒకరోజు చెప్తే పోయేవి కావు, ఒకే మనిషి రోజూ పక్కనే నిలబడి తప్పు చేసిన క్షణంలోనే ఆపి చెప్తేనే పోతాయి. మా స్కూల్లో పీఈటీ సారు రోజూ పోల్ దగ్గరే నిలబడేవారు, నాకు ఆట వచ్చిందంటే అందుకే. నేను మూడు వారాల్లో ఒక వారం కనపడి, మిగతా రెండు వారాలు పిలకాయలు గేటు వైపు చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదన్నా.

ఇంకో భయం కూడా ఉంది. డైవ్ నేర్పేటప్పుడు నిద్ర లేని మనిషి పక్కన ఉండకూడదు. పోల్ పట్టుకుని తిరిగి పడేటప్పుడు గడ్డం నేలకు తగులుతుంది, మోచేయి ముందు ఆనితే చెయ్యి విరుగుతుంది. ఆ అర సెకనులో నేను ఆవలిస్తూ ఉంటే ఎవరి బిడ్డకు దెబ్బ తగిలినా నన్ను నేను క్షమించుకోలేను.

నా మాట ఒకటి విను. మన ట్యాంకు వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది కదా, కాలేజీ టీమ్‌కి ఆడుతుంది, చిన్నపిల్లలతో ఓపికగా మాట్లాడుతుంది. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటుంది. మగపిల్లల టీమ్‌కి ఆడపిల్ల ఏందని ఎవరైనా అంటే, 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో వరల్డ్ కప్‌లో మన మగవాళ్ల టీమ్, ఆడవాళ్ల టీమ్ రెండూ గెలిచాయని చెప్పు. వాళ్ల నాయినతో నేను మాట్లాడతా, అడిగేది మాత్రం నువ్వే వదినను తీసుకుని ఇంటికి వెళ్లి మర్యాదగా అడుగు.

గ్రౌండ్ సంగతి మాత్రం నాకు వదిలేయి. రెండో పోల్ వైపు బండల ముక్కలు చాలా ఉన్నాయి, పక్క పాలిష్ ఫ్యాక్టరీ ట్రాక్టర్లు తిరిగి తిరిగి అక్కడ పడేస్తున్నాయి, నిన్న ఒక అబ్బి మోకాలు ఆ అంచుకే గీరుకుంది. వచ్చే వీక్లీ ఆఫ్ రోజు పొద్దున్నే పార తెచ్చి ఆ పక్కంతా ఏరేసి, మన్ను గుల్ల చేసి నీళ్లు చల్లిస్తా. అంతవరకూ ఆ వైపు ఎవరినీ డైవ్ చేయనివ్వద్దు.

పిలకాయల ఇళ్లల్లో నా పేరు ఎక్కడైనా చెప్పి ఉంటే ఈరోజే కాదని చెప్పేయన్నా. ఈ వారం నాది బి షిఫ్ట్, కంట్రోల్ రూమ్‌లోకి ఫోన్ రానివ్వరు, రేపు మధ్యాహ్నం ఒంటిగంట లోపు చెయ్యి, ఎత్తుతా.