ఫ్యాట్ బర్నర్ గురించి మీరు అడిగినదానికి నా జవాబు

సుధ గారికి,

నమస్కారం. నిన్న సాయంత్రం మీరు ఆ ఫ్యాట్ బర్నర్ డబ్బా ఫొటో చూపించి "ఇది వాడనా?" అని అడిగినప్పుడు క్లాసుకు వేళయిందని మాట దాటవేశాను. అలా చేసి ఉండకూడదు. నేను దాన్ని వాడమని చెప్పను. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ఇంటికి వెళ్లాక ఆ లేబుల్ మొత్తం చదివాను. రెండు క్యాప్సూల్స్‌లో 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంది. ఆరోగ్యవంతులకే రోజుకు 400 మిల్లీగ్రాములు దాటవద్దంటారు. మీరు రెండు పూటలా కాఫీ తాగుతారు. పైగా బీపీ మాత్ర వేసుకుంటున్నట్టు చేరేటప్పుడు ఫారంలో రాశారు. నా భయమంతా అక్కడే. కెఫీన్ రక్తపోటును పెంచుతుంది, గుండె వేగాన్నీ పెంచగలదు. మీతో ట్రెడ్‌మిల్ మీద పరుగు తీయించేది నేనే కదా.

మిగతా పదార్థాలన్నీ "ప్రొప్రయిటరీ బ్లెండ్" అన్న ఒక్క పేరు కింద ఉన్నాయి. దేన్ని ఎంత కలిపారో రాయలేదు. అందులో గ్రీన్ టీ సారం ఉంది. టీగా తాగితే ఇబ్బంది లేదు కానీ, క్యాప్సూల్స్‌లో గాఢంగా తీసుకున్న కొందరికి కాలేయం దెబ్బతింది. లేబుల్ మీద లేని మందులు కలిపిన సందర్భాలూ ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తీసేసిన సిబుట్రమిన్, ఆ తర్వాత కూడా బరువు తగ్గించే ఉత్పత్తుల్లో దొరికింది.

పోనీ, లాభమైనా ఉందా? ఆ క్యాప్సూల్ రోజుకు 80 కేలరీలు అదనంగా ఖర్చు చేయిస్తుందనే అనుకుందాం. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. అంటే ఒక్క కిలో తగ్గడానికి మూడు నెలలకు పైనే. ఈలోగా శరీరం కెఫీన్‌కు అలవాటుపడుతుంది, నిద్ర చెడుతుంది. ఇప్పటికే మీరు అయిదున్నర గంటలే పడుకుంటున్నారు.

కొన్నేళ్ల క్రితం నేనే ఒక సభ్యుడికి ఇలాంటిది సూచించాను. రెండో వారంలో వ్యాయామం మధ్యలో గుండె దడతో, వణుకుతున్న చేతులతో నేలమీద కూర్చుండిపోయాడు. అదృష్టవశాత్తూ కోలుకున్నాడు. అప్పటి నుంచి ఎవరికీ సూచించలేదు, కమిషన్ వస్తుందన్నా సరే.

అయిదు వారాలుగా బరువు కదలడం లేదన్న మీ బాధ నాకు తెలుసు. కానీ నా పుస్తకం చూడండి: ఆ అయిదు వారాల్లోనే మీ నడుము 3 సెంటీమీటర్లు తగ్గింది, డెడ్‌లిఫ్ట్ 30 కిలోల నుంచి 40కి చేరింది. కొవ్వు తగ్గుతోందనడానికి నడుము కొలతే గుర్తు. ఇంతకు ముందు తగ్గిన 6 కిలోల వల్ల మీ శరీరానికి ఇప్పుడు తక్కువ కేలరీలే సరిపోతున్నాయి, అందుకే వేగం తగ్గింది. రెండు వారాలు తిన్నదంతా రాసి తీసుకురండి, కూర్చుని లెక్క చూద్దాం. రోజుకు 4,000 అడుగులు వేస్తున్నారు, మెల్లగా 7,000కు పెంచుదాం. రాత్రి ఓ గంట ముందు పడుకోండి.

అయినా వాడాలనిపిస్తే, ముందు ఆ డబ్బాను మీ బీపీ మాత్ర రాసిన డాక్టరుకు చూపించండి. ఆయన సరేనంటే నేను అడ్డుచెప్పను. ఒకవేళ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే నాతో దాచకండి. ఛాతీనొప్పి, గుండె దడ, కళ్లు పచ్చబడటం కనిపిస్తే వెంటనే ఆపేసి ఆస్పత్రికి వెళ్లండి.

సోమవారం ఉదయం పది నిమిషాలు ముందుగా వస్తే, రాసుకునే పట్టిక ఇస్తాను.

ఇట్లు,
మీ ట్రైనర్ రవి