పెద్దబాపుకు, పెద్దమ్మకు: కాశీకి ఈసారి రాలేకపోతున్నాం

హన్మకొండ,
నవంబర్ 9

పెద్దబాపుకు, పెద్దమ్మకు నమస్కారాలు.

ఫోన్‌లో నా మాట మీకు సరిగ్గా వినపడటం లేదు. సగం విని ఇంకేదో అనుకుంటారేమోనని రాసి, తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. పెద్దమ్మకు కూడా చదివి వినిపించండి.

డిసెంబర్ 5న మీరు పోయే కాశీ యాత్రకు అమ్మా నేనూ రాలేకపోతున్నాం. దీపావళి నాడు మీరు ఇంటికొచ్చి అడిగినప్పుడే చెప్పాల్సింది. మీ సంతోషం చూసి నోరు రాలేదు. "చూస్తా పెద్దబాపు" అన్నాను. మీరేమో వస్తామన్నట్టే అనుకుని మా ఇద్దరి పేర్లు రాయించి, అడ్వాన్సు కూడా కట్టారు. ఆ తప్పు నాది.

అమ్మ సంగతి ముందు చెప్తాను. ఆగస్టులో మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో బాగానే తిరుగుతోంది. మీరొచ్చిన రోజు లేచి చాయ్ పెట్టి తెచ్చింది కదా, అది చూసి మీకు తగ్గిపోయిందనిపించి ఉంటుంది. కానీ మొన్న కార్తీక సోమవారం వేయిస్తంభాల గుడికి తీసుకుపోయాను. గుడి మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని ఒక కాలు పైన పెట్టింది. రెండో కాలు లేపలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించింది. వెనక జనం ఆగిపోతుంటే, "వద్దులే బిడ్డా, ఇక్కడి నుంచే మొక్కుకుంటా" అని నంది దగ్గర నిలబడే చేతులు జోడించింది. ఇంటికొచ్చేసరికి మోకాలు వాచి వేడిగా ఉంది, రాత్రంతా ఐసు పెట్టాను.

కాశీలో గంగ దగ్గరికి దిగాలంటే ఎన్ని మెట్లో మీరు చూసినవారే. ఆ మెట్లూ తడిగా ఉంటాయి. చక్రాల కుర్చీ పెట్టిద్దామన్నారు. మీ మనసు పెద్దది పెద్దబాపు. కానీ ఆ కుర్చీ ఘాటు మెట్లు దిగదు, ఆ సన్నటి గల్లీల్లో జనం మధ్య తిరగడమూ కష్టమే. నేల మీద కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. రైల్లో, సత్రంలో, భోజనాల దగ్గర, బాత్రూంలో... పన్నెండు రోజులు ప్రతిచోటా ఆమెకు ఇబ్బందే. ఆమె ఆగిన చోటల్లా మీరందరూ ఆగాలి. ముప్పై మందిని తన కోసం నిలబెట్టడం అమ్మకు చావంత కష్టం, మీకు తెలియంది కాదు.

రావాలని లేక కాదు. మీరు చెప్పిపోయిన రాత్రే పెట్టె తీసి, బాపు తెచ్చిన ఆకుపచ్చ అంచు చీర బయట పెట్టింది. గంగలో స్నానం చేశాక కట్టుకుంటానని. ఇప్పుడా చీర మళ్ళీ మడిచి లోపల పెట్టింది. నాతో ఏమీ అనలేదు.

ఇక నా సంగతి. అమ్మ ఆపరేషన్‌కు, ఆ తర్వాత కట్లు విప్పే దాకా సెలవులన్నీ వాడేశాను. డిసెంబర్ ఆఖరు దాకా మూడు సీఎల్‌లే ఉన్నాయి. బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేది నేనొక్కణ్ణే. మార్చిలో పరీక్షలు, పొద్దున సాయంత్రం స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి. జీతం కోత పెట్టుకుని అయినా రావచ్చని తమ్ముడన్నాడు. జీతం పోతే పోనీ, ఆ పిల్లలకు పన్నెండు రోజుల లెక్కలు పోతాయి. పొలం పని చేసుకునే వాళ్ళ పిల్లలు, ట్యూషన్ పెట్టించుకునే స్తోమత లేదు.

మీరు పైకి అనకపోయినా మీ మనసులో ఉన్నది గయ అని నాకు తెలుసు. బాపు పోయి మూడేళ్ళవుతోంది. "ఫల్గు నది ఒడ్డున కొడుకు చేత్తో ముద్ద పెడితే వాడికి తృప్తిరా" అన్నారు. ఆ మాట నాకు రోజూ గుర్తొస్తోంది. రాత్రి కాపీలు దిద్దుతూ ఆగిపోతున్నాను. మీరు అక్కడ తాతకు, నాయనమ్మకు పిండం పెట్టేటప్పుడు మీ తమ్ముడి పేరు, గోత్రం కూడా చెప్పి ఒక ముద్ద పెట్టండి. చిన్నప్పుడు బాపుకు అన్నం తినిపించిన చెయ్యి మీది. నేను వచ్చే ఏడు పెత్రమాస అయ్యాక, దసరా సెలవుల్లో గయకు పోతాను. అప్పటికి మీ ఒంట్లో ఓపికుంటే మీరూ నాతో రండి, లేకపోతే ఒక్కణ్ణే పోతాను. ఇది మిమ్మల్ని ఊరడించడానికి చెప్తున్న మాట కాదు.

మా సీట్లు ఖాళీగా ఉంచొద్దు. జమ్మికుంట అత్తమ్మ, మామయ్య వస్తామని అడుగుతున్నారట, వాళ్ళకిచ్చేయండి. మీరు కట్టిన పదివేలు తమ్ముడి చేతికిచ్చాను, తీసుకోండి. వద్దంటే నేనొచ్చి పెద్దమ్మ చేతిలో పెడతాను. విడిగా కవరులో అమ్మ పంపిన వెయ్యి నూటపదహార్లు ఉన్నాయి, అన్నపూర్ణమ్మ దగ్గర అన్నదానానికి. ఆ డబ్బు ఆమె పింఛనులోది.

మీ గురించి ఒక టెన్షన్ ఉంది, చెప్తాను, కోపం చేసుకోవద్దు. డిసెంబర్‌లో అక్కడ మన దగ్గరలా ఉండదు. పొగమంచుకు రైళ్ళు గంటలకు గంటలు ఆలస్యమవుతాయి. షుగర్ గోళీలు పెద్ద సంచిలో కాకుండా మీ చొక్కా జేబులో, ఇంకో నాలుగు రోజులవి పెద్దమ్మ సంచిలో పెట్టుకోండి. పదిహేను రోజులకు సరిపడా తీసుకోండి, పన్నెండుకు కాదు. బిస్కెట్లు, కొంచెం చక్కెర చేతికందేలా ఉండాలి. మంకీ క్యాప్, స్వెట్టర్ ఇద్దరికీ తమ్ముడి సంచిలో పంపుతున్నా. తెల్లవారకముందే గంగలో మునగొద్దు, ఎండ వచ్చాక చేయండి.

తిరిగొచ్చాక కాశీ సమారాధన మీ ఇంట్లో పెట్టుకునే రోజు ఆదివారం చూడండి. అమ్మను కారులో తీసుకొస్తాను, కుర్చీలో కూర్చుని అందరికీ వడ్డించేది ఆమే. గంగ చెంబు ఒకటి ఆమెకు తేవడం మర్చిపోవద్దు, కాశీదారం కూడా. పరీక్షలయ్యాక మనమందరం కాళేశ్వరం పోదాం. బాపు అస్థికలు కలిపింది అక్కడే కదా. పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు, గోదావరి నీళ్ళు అమ్మ తల మీద నేనే చల్లుతాను.

5న కాజీపేట స్టేషన్‌కు వస్తున్నాను, బడికి ఒక పూట సెలవు పెడుతున్నా. అమ్మ సకినాలు, గరిజెలు చేస్తానంటోంది. ఉప్పు తక్కువగా, మీకోసం విడిగా కొన్ని. బోగీ నంబరు, సీటు నంబర్లు తెలియగానే తమ్ముడితో చెప్పించండి, సామాను నేనెక్కిస్తాను.

మీ చిన్నోడు