అక్క కోసం ఎనిమిది వారాల ప్లాన్: రెండు డంబెల్స్, ఐదు బ్యాండ్లు, హాల్లో తలుపు

అక్కా,

స్కూలు తెరిచాక జిమ్‌కి వెళ్లడం కుదరదన్నావు కాబట్టి ఇంట్లోనే చేసుకునేలా ఈ ప్లాన్ రాశాను. బావ రెండేళ్ల కిందట కొని మంచం కింద పడేసిన ప్లేట్ల డంబెల్స్, నేను తెచ్చిన హ్యాండిల్ ట్యూబ్ బ్యాండ్ల సెట్టు, బ్యాండును తలుపుకు తగిలించే డోర్ యాంకర్ ఒకటి, చాప. ఇవి చాలు, ఇంకేమీ కొనకు.

మొన్న వచ్చినప్పుడు అన్నీ తూకం వేసి చూశాను. ఒక్కో రాడ్డు నట్లతో కలిపి 2 కేజీలు. 2.5 కేజీల ప్లేట్లు ఎనిమిది, 1.25వి నాలుగు ఉన్నాయి. అంటే ఒక్కో డంబెల్‌ను 4.5, 7, 9.5, 12, 14.5 కేజీలుగా మార్చుకోవచ్చు. ఇంతకంటే నీకు చాలాకాలం అవసరం రాదు. "కండలొచ్చి మొగాడిలా అయిపోతానేమో" అన్నావు చూడు, ఆ టెన్షన్ వదిలెయ్. నేను ఆరేళ్లుగా రోజూ కష్టపడితేనే ఈ మాత్రం వచ్చింది. అయినా 20 లీటర్ల వాటర్ టిన్ను ఒక్కదానివే ఎత్తి స్టాండు మీద పెట్టేదానివి, నీకు 4.5 కేజీలంటే భయమేమిటి?

ఈ డంబెల్స్‌తో అసలు ఇబ్బంది బరువు కాదు, నట్లు. ఒక వ్యాయామానికి 4.5, తర్వాత దానికి 9.5, మళ్లీ 7 అని మారుస్తూ కూర్చుంటే సగం టైం నట్లు తిప్పడానికే పోతుంది. బావ మానేసింది అందుకేనని నా అనుమానం. అందుకే రోజుకు ఒకే బరువు పెట్టాను. ముందు రోజు రాత్రి ప్లేట్లు ఎక్కించి, నట్లు చేత్తో గట్టిగా బిగించి ఉంచు. పొద్దున మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆ బరువుకు సరిపడని పనులన్నీ బ్యాండ్లకు ఇచ్చాను. వీపుకు చేసేవన్నీ బ్యాండుతోనే, ఎందుకంటే పైనుంచి కిందికి లాగే కదలిక డంబెల్‌తో సరిగా రాదు. బోర్డు మీద రాసీ రాసీ పట్టేసిన నీ భుజాలకు ముందు కావలసింది ఆ లాగుడే.

సోమ, బుధ, శుక్రవారాలు, 5:30 నుంచి 6:10 వరకు. వ్యాయామాలను ఏ, బి అని రెండు రోజులుగా విడగొట్టాను, అవి మార్చి మార్చి చెయ్యాలి. ఈ వారం ఏ-బి-ఏ అయితే వచ్చే వారం బి-ఏ-బి. ఒక రోజు పోతే పోయిందని వదిలేసి, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టు. రెండు రోజులవి ఒకేసారి చెయ్యొద్దు.

మొదట ఐదు నిమిషాలు: హాల్లోనే అటూ ఇటూ చురుగ్గా నడక, చేతులు గుండ్రంగా తిప్పడం, బరువు లేకుండా పది స్క్వాట్లు.

ఏ రోజు (రెండు డంబెల్స్ 4.5 కేజీలు)

1. స్క్వాట్: డంబెల్స్ రెండూ భుజాల దగ్గర పట్టుకుని, వెనక డైనింగ్ కుర్చీ వేసుకో. కుర్చీకి తగిలీ తగలనట్టు కూర్చుని లేవాలి. 8 నుంచి 12 సార్లు, 3 సెట్లు.
2. బ్యాండ్ రో: యాంకర్ ఛాతీ ఎత్తులో. మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి రావాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. 10 నుంచి 15, 3 సెట్లు.
3. ఫ్లోర్ ప్రెస్: చాప మీద వెల్లకిలా పడుకుని డంబెల్స్ పైకి నెట్టడం. మోచేయి నేలను తాకగానే ఆగుతుంది కాబట్టి భుజం మరీ సాగదు. 8 నుంచి 12, 3 సెట్లు.
4. ఫేస్ పుల్: సన్న బ్యాండు, ముఖం వైపు లాగడం. 15, 2 సెట్లు.
5. ప్లాంక్: మోచేతులు, కాలి వేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలపడం. 20 సెకన్లు, 3 సార్లు.

బి రోజు (రెండు డంబెల్స్ 7 కేజీలు)

1. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్: ఇది ఒక్కటి వీడియో కాల్‌లో నేను చూశాకే మొదలుపెట్టు. మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతుల్లో సామాన్లున్నప్పుడు వెనక ఉన్న తలుపును పిర్రలతో నెట్టి మూస్తాం చూడు, అలా వెనక్కి వెళ్లాలి. డంబెల్స్ తొడలను రాసుకుంటూ మోకాళ్ల కిందిదాకా దిగాలి. నడుము గుండ్రంగా వంగిందా, అక్కడే ఆపెయ్. 8 నుంచి 12, 3 సెట్లు.
2. పుల్ డౌన్: యాంకర్ తలుపు పైన, నువ్వు చాప మీద మోకాళ్లపై. 10 నుంచి 15, 3 సెట్లు.
3. బ్యాండ్ షోల్డర్ ప్రెస్: బ్యాండు పాదాల కింద తొక్కి పైకి నెట్టు. 7 కేజీలు తల మీదికి ఇప్పుడే వద్దు. 8 నుంచి 12, 2 సెట్లు.
4. స్ప్లిట్ స్క్వాట్: ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి కిందికి దిగి లేవడం. బరువు లేకుండా, ఒక చెయ్యి గోడకు ఆనించి. కాలికి 8, 2 సెట్లు.
5. ఒక్క చేత్తో డంబెల్ పట్టుకుని, పక్కకు ఒరగకుండా హాలు చివరిదాకా నడక. చేతికి మూడు రౌండ్లు.

సెట్‌కీ సెట్‌కీ మధ్య నిమిషంన్నర ఆగు. ఇంకో రెండు సార్లు చెయ్యగలను అనిపించినప్పుడే ప్రతి సెట్ ఆపాలి. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసినట్టు ఉండటం మామూలే. మోకాల్లో టక్‌మని శబ్దం వచ్చినా నొప్పి లేకపోతే పర్వాలేదు. గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించు.

యాంకర్ గురించి నాలుగు మాటలు ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నాను. మొదట్లో మా గదిలో తలుపు నా వైపుకే తెరుచుకునే దిక్కున నిలబడి బ్యాండు లాగాను. గడియ సరిగా పడలేదు. తలుపు ఊడొచ్చినట్టు తెరుచుకుంది, నేను వెల్లకిలా పడ్డాను, బ్యాండు వచ్చి చెంప మీద కొట్టింది. మీ బెడ్‌రూం తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి నువ్వు హాల్లోనే నిలబడు. యాంకర్ గుండు బెడ్‌రూం వైపు, పట్టీ హాలు వైపు ఉండాలి. అప్పుడు నువ్వు లాగేకొద్దీ తలుపు ఇంకా బిగుసుకుంటుంది. బయట గడియ కూడా పెట్టు, లేకపోతే లోపల నుంచి ఎవరైనా తలుపు తీస్తారు. చిన్నాడిని లేపి హాల్లో పడుకోబెట్టాకే మొదలుపెట్టు.

ప్రతిసారీ బ్యాండును వేళ్లతో సాగదీసి చూడు. సన్నటి చీలిక కనిపించినా పారెయ్. బాల్కనీలో తీగ మీద ఆరేయకు, ఎండకు రబ్బరు పాడైపోతుంది.

బ్యాండుకు కేజీల లెక్క లేదు, ఎంత సాగితే అంత బరువు. అందుకని నీ హాల్లో టైల్సే కొలత. మొదటి వారం తలుపు నుంచి రెండో టైల్ గీత మీద నిలబడు. అక్కడ అన్ని సెట్లూ 15 వచ్చేస్తే మూడో గీతకు జరుగు. అదీ తేలికైతే లావు బ్యాండు తీసుకుని మళ్లీ రెండో గీతకు రా. నోట్‌బుక్‌లో "రో, ఎరుపు, 2వ గీత, 15-13-12" అని రాసుకో.

డంబెల్స్‌కు లెక్క వేరు. 4.5 నుంచి 7కి వెళ్లడమంటే సగానికి పైగా పెరిగినట్టు, ఒకేసారి మింగుడు పడదు. 12 చొప్పున మూడు సెట్లూ వచ్చాక ముందు అదే బరువును మూడు సెకన్లు లెక్కపెడుతూ దించు. అలా కూడా 12 వస్తేనే ప్లేట్లు మార్చు, అప్పుడు 8 దగ్గర మొదలుపెట్టు. స్క్వాట్ తొందరగా తేలికవుతుంది, ఫ్లోర్ ప్రెస్ వెనకబడుతుంది. ఒకే బరువు పద్ధతిలో ఉన్న లోపం ఇదే. ప్రెస్ అందుకునేదాకా స్క్వాట్‌లో కింద రెండు సెకన్లు ఆగి లేస్తూ ఉండు.

నాలుగో వారం అన్నీ ఒక్కో సెట్ తగ్గించు, పరీక్ష పేపర్లు దిద్దే వారం కూడా అంతే.

ఆదివారం సాయంత్రం ఫోన్ టీవీ స్టాండుకు ఆనించి వీడియో కాల్ చెయ్యి, డెడ్‌లిఫ్ట్ పక్కనుంచి చూడాలి. ఈలోగా కింది ఫ్లాటు వాళ్లతో మాట పడకుండా, డంబెల్స్ దించే చోట పాత బొంత మడతపెట్టి వేసుకో.