హారికకు, నీ గ్రాఫు గురించి

హారికా,

రేపటి నుంచి నాది రాత్రి షిఫ్టు. ఈ వారమంతా మనం ఎదురుపడం కాబట్టి, నిన్న ఆమ్లంలోకి సోడియం హైడ్రాక్సైడ్ దించుతూ నువ్వు గీసిన టైట్రేషన్ గ్రాఫు గురించి చెప్పాల్సింది రాసి పెడుతున్నాను.

రీడింగులు శుభ్రంగా తీశావు, చేయి కుదురుగానే ఉంది. అయితే పీహెచ్ 7 దగ్గర అడ్డగీత గీసి, అది వంపును తాకిన చోట 24.85 మిల్లీలీటర్లని చదివి, దానికే ఈక్వివలెన్స్ పాయింట్ అని పేరు పెట్టావు. కాలేజీలో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసి ఉంటావు. అక్కడ ఆమ్లం, క్షారం రెండూ బలమైనవే కనుక 7 దగ్గర గీత గీసినా సరిపోతుంది. నిన్న నీ ఫ్లాస్కులో ఉన్నది ఎసిటిక్ ఆమ్లం.

ఈక్వివలెన్స్ పాయింట్‌కు పీహెచ్ ఇంత ఉండాలన్న నియమం లేదు. ఫ్లాస్కులో ఎన్ని మోల్‌ల ఆమ్లం ఉందో సరిగ్గా అన్ని మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ బ్యూరెట్ నుంచి దిగిన క్షణం అది. 0.1 మోలార్ ఆమ్లం 25 మిల్లీలీటర్లు, అదే గాఢత గల క్షారం: కనుక 25.00 దగ్గర. అప్పుడు ఫ్లాస్కులో మిగిలేది సోడియం ఎసిటేట్ ద్రావణం. ఎసిటేట్ అయాన్ నీటి నుంచి కొంత హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. అందుకే పీహెచ్ 8.7 దాకా వెళ్తుంది. ఆమ్లమంతా తీరిపోయినా ద్రావణం తటస్థంగా ఉండదు.

ఇప్పుడు వంపును మొదటి నుంచి చూడు. 2.9 దగ్గర మొదలై కాస్త లేచి, ఆ తర్వాత చాలాసేపు బద్ధకంగా సాగుతుంది. అది బఫర్ భాగం. సగం దూరంలో, అంటే 12.5 మిల్లీలీటర్ల దగ్గర, ఆమ్లం, ఎసిటేట్ సమానంగా ఉంటాయి. అక్కడి పీహెచ్ 4.76, అదే ఎసిటిక్ ఆమ్లపు పీకేఏ. తెలియని బలహీన ఆమ్లం చేతికొచ్చినప్పుడు దాని పీకేఏ కూడా ఇదే గ్రాఫు నుంచి చదువుకోవచ్చు. నాకు ఈ వంపులో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే, ఎవరూ పట్టించుకోరు గానీ. ఆ తర్వాత బీచ్ రోడ్డు మీద చదునుగా నడిచి ఒక్కసారిగా కైలాసగిరి మెట్లు ఎక్కినట్టు ఉంటుంది. పైకి చేరాక మళ్లీ చదునే.

ఆ మెట్ల దగ్గర అంకెలు చూడు. 24.8 దగ్గర 6.85, 24.9 దగ్గర 7.16, 25.0 దగ్గర 8.72, 25.1 దగ్గర 10.30, 25.2 దగ్గర 10.60. వరుస తేడాలు 0.31, 1.56, 1.58, 0.30. తేడా ఎక్కడ అతి పెద్దదో ఈక్వివలెన్స్ పాయింట్ అక్కడ. వంపు అతి నిటారుగా ఉన్న చోటంటే అర్థం అదే. కంటితో అంచనా కట్టకు, తేడాలు లెక్కవేసి వాటికి వేరే గ్రాఫు గీయి. దాని శిఖరం 25.00 మీద నిలుస్తుంది.

నువ్వు చదివిన 24.85కూ దీనికీ తేడా మూడు చుక్కలే. అయినా శాతంలోకి మారిస్తే 100 రావలసింది 99.4 అవుతుంది. మన పనిలో మంచి బ్యాచ్‌ను తిప్పికొట్టడానికి అంత చాలు.

రంగు మారే చోటును ఎండ్ పాయింట్ అంటాం. అది సూచిక సంగతి. ఫినాఫ్తలీన్ 8.2 నుంచి 10 మధ్య మారుతుంది కనుక మెట్ల మీదే పడుతుంది, సరిపోతుంది. మిథైల్ ఆరెంజ్ వేసి ఉంటే ఎనిమిది మిల్లీలీటర్లు దిగేలోపే పసుపు తిరిగి, పని అయిపోయిందని నమ్మించేది.

ఇంకొక్క మాట. ఇది సముద్రపు ఊరు. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు త్రాసు మీద ఉండగానే చెమ్మగిల్లుతాయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుంటాయి. తూచిన బరువును నమ్మి సీసా మీద 0.1 అని రాయకు. ఆరబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ప్రామాణీకరించి, వచ్చిన అంకెనే రాయి. గుళికలు కరిగించే నీళ్లు మరిగించి చల్లార్చినవై ఉండాలి.

రేపు మళ్లీ చెయ్యి. ముందు పీహెచ్ మీటరును 4, 7, 10 బఫర్లతో సరిచూసుకో. 24 దాకా మిల్లీలీటరుకొకటి, అక్కడి నుంచి 26 దాకా 0.1కొకటి చొప్పున రీడింగు తీయి. ప్రతిసారీ అంకె నిలకడగా నిలిచాకే రాసుకో, మెట్ల దగ్గర అది తొందరగా నిలవదు. రెండు గ్రాఫులూ నా బల్ల సొరుగులో పెట్టు, రాత్రి చూస్తాను.

ఇట్లు,
రమణ