బత్తాయి పూల సెంటు సీసా: 8 సెకన్ల షాట్

జత చేసిన ఫొటోయే మొదటి ఫ్రేము. నల్లగొండలో మా షాపు వెనక గదిలో, కిటికీ పక్కన ఫోన్‌తో తీసింది. అందులో లేని వస్తువేదీ వీడియోలోకి రావద్దు.

ఒకటే షాట్, మధ్యలో కట్ లేదు. నిడివి 8 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు, నిలువు 9:16.

సీసా కదలదు. కెమెరా దాని చుట్టూ తిరుగుతుంది. పోయినసారి వచ్చిన వీడియోలో సీసా బొంగరంలా తిరిగింది, అది పనికిరాలేదు. సీసాకు కొంచెం ఎడమ పక్క నుంచి మొదలై, కెమెరా కుడివైపు 60 డిగ్రీల వంపులో జరగాలి, అంటే చివరి అర సెకను పోగా ఏడున్నర సెకన్లలో, సగటున సెకనుకు 8 డిగ్రీలు. సీసాకూ కెమెరాకూ మధ్య దూరం మారదు, జూమ్ లేదు, ఎత్తు సీసా మెడకు సమానం. మొదటి సెకనులో మెల్లగా కదిలి, చివరి సెకనులో మెల్లగా ఆగాలి. చేతి వణుకు వద్దు. సీసా ఎప్పుడూ ఫ్రేము మధ్యలోనే ఉంటుంది కాబట్టి వెనకున్నవి కుడికి, ముందున్న బట్ట అంచు ఎడమకు జరిగినట్టు కనిపించాలి.

సీసా గుండ్రటిది, 50 మి.లీ., అడుగున మందమైన గాజు, పైన నునుపైన ఇత్తడి మూత. లోపలి సెంటు లేత తేనె రంగు, భుజం కింది దాకా ఉంది, దాని మట్టం ఊగకుండా నిలకడగా ఉండాలి. వెలుగు ఎడమ వెనక కిటికీది. మొదట్లో సీసా ఎడమ పక్కన ఒక వెలుగు గీత ఉంటుంది. కెమెరా జరిగేకొద్దీ అది సన్నబడి అంచుకు చేరుతుంది, కిటికీ సీసా వెనక్కి వస్తుంది, అప్పుడు సెంటు లోపలి నుంచి వెలుగుతుంది. షాట్‌కు ప్రాణం ఇదే, తొందరపడొద్దు.

సీసా కింద నీలం, తెలుపు పోచంపల్లి ఇక్కత్ బట్ట. ఆ డిజైన్ల అంచులు సహజంగానే కాస్త చెదిరినట్టుంటాయి, వాటిని పదునుగా దిద్దొద్దు, బట్ట నీళ్లలా అలలాడొద్దు. పక్కనే రెండు తెల్లటి బత్తాయి పూలు, ఒక కాయ. బత్తాయి అంటే కమలాపండు కాదు: తొక్క నునుపుగా, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది.

వెనక కిటికీ అవతల బత్తాయి చెట్ల ఆకులు, దూరంగా ఒక బండరాళ్ల గుట్ట. రెండూ బాగా మసకగా ఉండాలి, 85 ఎంఎం లెన్సుతో తీసినట్టు.

లేబుల్ ఖాళీ తెల్ల కాగితమే. దాని మీద ఒక్క అక్షరమూ వద్దు. తెలుగు అక్షరాలు చెదిరిపోతున్నాయి, పేరు ఎడిటింగ్‌లో మేమే వేసుకుంటాం. పొగ, మెరుపు రేణువులు, స్ప్రే, చేతులు, మనుషులు, సంగీతం ఏవీ వద్దు. మూత రెండుగా చీలడం, మెడ వంకర పోవడం అసలే వద్దు.

చివరి అర సెకను కెమెరా నిలిచిపోతుంది: కిటికీ సరిగ్గా సీసా వెనక, బట్ట మీద తేనె రంగు వెలుగు మరక.