వెనక సీట్లో మా నాయన

బండి కొన్నాను. హోండా షైన్, 125. ఫోటోలో బండి సగమే పడింది. వెనక కూర్చున్న మనిషి కోసం తీసిన ఫోటో కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.

మదనపల్లెలో మా నాయనకు ఒక టీవీఎస్ ఎక్సెల్ ఉంది. తెల్లారకముందే టమాటా బాక్సులు వెనక రెండు, ముందు ఒకటి కట్టుకుని మార్కెట్టుకు పోయేవాడు. తిరిగొచ్చి, ముందు బాక్సు పెట్టిన చోటే నన్ను నిలబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడు. నిక్కరుకు టమాటా రసం అంటుకునేది. స్నేహితులు చూస్తారని సిగ్గేసి, ఒక సందు ముందే దిగిపోయేవాణ్ణి. ఎందుకు దిగుతున్నానో ఆయనకు అప్పుడే తెలుసట. మొన్న అమ్మ చెప్పింది.

డౌన్ పేమెంట్ 40 వేలు. అందులో 15 వేలు అక్క చీటీ డబ్బులు. "తర్వాత ఇద్దువులేరా" అంది. మిగతాది 36 నెలల ఈఎంఐ. అంటే బండి నాది అనడానికి ఇంకా మూడేళ్లుంది!

మా రూమ్మేటుకు ఇంకో అప్పు ఉన్నాను. బెంగళూరు మారతహళ్ళిలో నాలుగేళ్లుగా ఆఫీసుకు 500డి బస్సులో నిలబడి వెళ్లేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రాత్రులు మాత్రం వాడు "నా బండి తాళం ఫ్రిజ్ మీదుంది, తీసుకపో" అనేవాడు. పెట్రోలు డబ్బులు ఒక్కసారీ అడగలేదు. ఒకసారి ఇండికేటర్ పగలగొట్టి తెచ్చాను. "నీకేం కాలేదు కదా" అని మళ్లీ పడుకున్నాడు. ఒరేయ్, ఇకనుంచి మన ఫ్రిజ్ మీద రెండు తాళాలు.

పూజ మైసూరు రోడ్డు గాలి ఆంజనేయస్వామి గుడి దగ్గర చేయించాం. నాయన రాత్రి బస్సులో వచ్చాడు, సంచిలో నిమ్మకాయలతో. "బెంగళూరులో దొరకవా నాయనా?" అంటే "ఇవి మన చెట్టువిరా" అన్నాడు. చక్రాల కింద ఆయనే పెట్టాడు. టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. హెల్మెట్ ఇస్తే "వెనక కూర్చునేవాడికి ఎందుకు?" అన్నాడు. ఇక్కడ ఇద్దరికీ ఉండాలని చెబితే, తలగుడ్డ విప్పి నీటుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఇరుక్కున్నాం. వెనకనుంచి భుజం తట్టి "మైలేజీ ఎంతిస్తుంది?" అన్నాడు.
"యాభై దాకా ఇస్తుందన్నారు."
"ఎక్సెలూ అంతే ఇస్తుంది" అని ఊరుకున్నాడు.

రూము దగ్గర పడుతుంటే "సందు మొదట్లోనే ఆపు, నడిచొస్తా. మీ ఆఫీసు పిల్లోళ్లు ఉంటారేమో" అన్నాడు.

ఆపలేదు. గేటు దాకా తీసుకొచ్చి, అందరూ ఉండగా దింపాను. దిగబోతుంటే "ఒక్క నిమిషం కూర్చో నాయనా" అని రూమ్మేటుతో ఈ ఫోటో తీయించాను.