స్ప్రింట్ 14 నుంచి మన జట్టు పేరు: గవ్వ

అందరికీ,

జూలై 7 సోమవారం మొదలయ్యే స్ప్రింట్ 14 నుంచి రీకన్సిలియేషన్ జట్టుకి ‘గవ్వ’ అని పేరు పెడదామని పేరు పని అప్పజెప్పిన మా ముగ్గురి ప్రతిపాదన. టూల్స్‌లో ఎక్కడ కనిపించినా `Gavva` అనే ఉంటుంది. అభ్యంతరం ఉన్నవాళ్లు గురువారం, జూలై 3 సాయంత్రం 5 లోపు చెప్పాలి. ఎలా చెప్పాలన్నది చివర్లో ఉంది. ఇదే నోటు ఇంగ్లీషులో పక్క పేజీలో పెట్టాం. చెన్నై, పుణె నుంచి పనిచేసే ఇద్దరూ అది చూసుకోవచ్చు.

గవ్వే ఎందుకు? మనం చేసేది చిల్లర లెక్క. క్లయింటు సెటిల్‌మెంట్ ఫైల్లో ఉన్న పెన్నీ లెడ్జర్‌లో ఎందుకు లేదో వెతకడమే మన బతుకు. గవ్వ ఒకప్పుడు అచ్చంగా చిల్లర డబ్బే. బెంగాల్, ఒడిశా వైపు 19వ శతాబ్దం దాకా బజారులో చెల్లింది. దాని శాస్త్రీయ నామం మోనెటేరియా మోనెటాలో కూడా డబ్బే ఉంది. ఈ మాట తెలుగువాళ్ల సొత్తూ కాదు. హిందీలో కౌడీ, తమిళంలో సోళి, కన్నడంలో కవడె. ఇంగ్లీషువాళ్ల కౌరీ కూడా హిందీ నుంచి వెళ్లిందే. అంటే జట్టులో తొమ్మిదిమందికీ, లీడ్స్‌లో రిపోర్టు చదివే క్లయింటు ఫైనాన్స్ వాళ్లకీ ఒక్క ముక్కలో అర్థం చెప్పొచ్చు. మగా ఆడా, కులం, దేవుడు, జిల్లా, పార్టీ, సినిమా హీరో ఎవరూ ఇందులోకి రారు. పైగా అష్టాచమ్మా ఆడినవాళ్లకి ఆటా గుర్తొస్తుంది, తిండి మీద ధ్యాస ఉన్నవాళ్లకి బెల్లం గవ్వలూ గుర్తొస్తాయి.

వచ్చిన 23 సూచనల్లో చాలా పేర్లు మొదటి రోజే పోయాయి. ఫీనిక్స్, టైటన్స్, నింజాస్ లాంటివి బాగోలేక కాదు, జిరాలో ఇప్పటికే ఫీనిక్స్ అనే బోర్డులు మూడున్నాయి. వాటి మధ్య మన రిపోర్టు వెతుక్కోవడం ఇంకో రీకన్సిలియేషన్. నదుల పేర్లూ పక్కన పెట్టాం. కృష్ణ అంటే మనిషి పేరు, దేవుడి పేరు, రాష్ట్రాల మధ్య నీళ్ల తగాదా పేరు కూడా.

మిగతావి ఎందుకు పోయాయో కాస్త వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే వాటిని సూచించినవాళ్లకి జవాబు బాకీ ఉన్నాం. ‘పులిహోర’కి అయిదు ఓట్లొచ్చాయి. కానీ పులిహోర కలపడమంటే ఈ రోజుల్లో ఏమిటో అందరికీ తెలుసు. కొత్తగా చేరిన అమ్మాయికి ‘నువ్వు పులిహోర టీమ్‌లోకి వెళ్లు’ అని మేనేజరు చెప్పే దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. ‘బొంగరం’ చక్కటి పేరు, తెలుగులో రాసినంతవరకే. `Bongaram` అని ఇంగ్లీషులో రాస్తే మొదటి నాలుగక్షరాలు గంజాయి పీల్చే గొట్టం పేరు, ఇక్కడేమో బెంగాలీలని ఆటపట్టించే మాట. ‘ముగ్గు’లో ఇంగ్లీషు మగ్ ఉంది, బ్రిటన్‌లో దానికి వెర్రివాడనీ దోచుకోవడమనీ అర్థాలున్నాయి, పైగా మనది చెల్లింపుల ప్రాజెక్టు. ‘చేట’ పైకి చదివితే చీటర్. ‘పప్పు’ హిందీ తెలిసినవాళ్ల ముందు చెప్పలేం. ‘తూనీగ’ మా ముగ్గురికీ నచ్చింది, కానీ ముగ్గురం మూడు స్పెల్లింగులు రాశాం: `Tuniga`, `Thooneega`, `Tooneega`. సెర్చ్‌లో ఒకటి కొడితే మిగతా రెండూ దొరకవు. ‘కవ్వం’ దాదాపు గెలిచింది. అయితే అర్థమేమిటని క్లయింటు అడిగితే చిలకడం అని చెప్పాలి, ఇంగ్లీషులో ఆ మాట చర్న్. వ్యాపారంలో చర్న్ అంటే కస్టమర్లు వెళ్లిపోవడం.

చివరిదాకా పోటీలో నిలిచింది ‘తక్కెడ’. రెండు వైపులా సరితూచడం మన పనికి గవ్వకన్నా దగ్గర. కానీ స్ప్రింట్ మధ్యలో ఒకరు వేరే జట్టుకి వెళ్లి, ఇంకొకరు సెలవు పెట్టగానే ‘కప్పల తక్కెడ’ అనని తెలుగువాడు ఉండడు. ఆ జోకు మన మీదే, మన నోటితోనే, ప్రతి రెండు వారాలకీ పేలుతుంది.

రిపోర్టులో ఇబ్బంది పెడుతుందా లేదా అన్నది తేల్చడానికి మంచి వార్త కాదు, చెడ్డ వార్త రాసి చూడాలి. ప్రతి పేరునీ ఈ నాలుగు వాక్యాల్లో పెట్టి పైకి చదివాం:

`Gavva` 38 పాయింట్లలో 29 పూర్తి చేసింది.
`Gavva` విడుదల తర్వాత రీఫండ్లు రెండుసార్లు నమోదయ్యాయి, కారణం తేలింది.
`Gavva` నుంచి ఇద్దరు ఆగస్టులో వెళ్తున్నారు.
క్లయింటు `Gavva` మీద ఫిర్యాదు చేశారు.

నాలుగింటిలోనూ గవ్వ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ‘సూపర్‌స్టార్స్’ రెండో వాక్యం దగ్గరే పడిపోయింది. రీఫండ్లు రెండుసార్లు నమోదు చేసిన సూపర్‌స్టార్లు అని చదివితే అది వెక్కిరింతే. ‘బగ్ కిల్లర్స్’ది కూడా అదే గతి.

గవ్వలో లోపాల్లేవని కాదు. నాలుగు దొరికాయి.

మొదటిది చిల్లిగవ్వ. డబ్బుల పని చేసే జట్టుని చిల్లిగవ్వ అనడం ఎవరికైనా రెండు నిమిషాల్లో తడుతుంది. హిందీలో ‘దో కౌడీ కా’ కూడా ఉంది. మా లెక్క ఏమిటంటే, ఇది మన మధ్య ఆడుకునే జోకు, రిపోర్టు ఇంగ్లీషులో దీని జాడ ఉండదు. మరి కప్పల తక్కెడకీ దీనికీ తేడా ఏముందంటే, ఉంది: కప్పల తక్కెడ మనుషుల్ని అంటుంది, చిల్లిగవ్వ ఖాళీ జేబుని అంటుంది. గవ్వలేసి జోస్యం చెప్పినట్టు ఎస్టిమేట్లు ఇస్తున్నారన్న జోకు కూడా వస్తుంది. అది కొంత నిజం కాబట్టి వదిలేశాం.

రెండోది ఇబ్బందికరమైనదే. కాల్‌లో గవ్వ అంటే అవతలివాళ్లకి జావా అని వినిపిస్తోంది. మీటింగ్ ఆటో క్యాప్షన్లలో అయిదుసార్లు చెప్పి చూస్తే మూడుసార్లు `Java` అని పడింది. మన కోడ్ అంతా పైతాన్ కాబట్టి గందరగోళం తక్కువే, అయినా కాల్‌లో ఎప్పుడూ ‘టీమ్ గవ్వ’ అని రెండు మాటలూ కలిపి చెప్పండి. మినిట్స్ పంపేవాళ్లు పంపేముందు `Java` కోసం ఒకసారి వెతకండి.

మూడోది, గవ్వ ఇంటిపేరు కూడా. డైరెక్టరీలో చూశాం, మన ప్రాజెక్టులో గానీ క్లయింటు వైపు గానీ ఆ ఇంటిపేరువాళ్లు లేరు. రేపెవరైనా చేరితే వాళ్లని అడిగి, వద్దంటే మారుద్దాం.

నాలుగోది, గవ్వంటే సముద్రపు నత్త పైపెంకు. జట్టు బహుమతిగా నిజం గవ్వలు పంచొద్దు, జంతువుల వస్తువులు వాడనివాళ్లు ఉంటారు. స్టిక్కరు మీద గీసిన బొమ్మ చాలు.

ఇక ఎక్కడ ఎలా రాయాలన్నది. జిరా ప్రాజెక్టు కీ `RECON` అలాగే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. కీ మారిస్తే జిరా పాత లింకుల్ని కొత్తవాటికి మళ్లిస్తుంది గానీ, మన స్క్రిప్టుల్లో, ఎక్సెల్ ఫార్ములాల్లో నేరుగా రాసిపెట్టిన కీలు మళ్లవు. మారేది బోర్డు పేరు, స్ప్రింట్ పేరు, లేబులు. స్ప్రింట్ పేరు `Gavva S14 07-18 Jul`, మొత్తం 19 అక్షరాలు. రిపోర్టులో ఎక్సెల్ ట్యాబుకీ ఇదే వాడతాం. ట్యాబు పేరు 31 అక్షరాలు దాటకూడదు, అందులో `/` పట్టదు, అందుకే తేదీల మధ్య గీత పెట్టాం. లేబుల్లో ఖాళీ ఉండకూడదు కాబట్టి ఉత్త `gavva`. ఛానల్ పేరు `#gavva-recon`, అన్నీ చిన్నక్షరాలే. బ్రాంచీలు ఇలా:

```
gavva/RECON-412-partial-refund
```

డ్యాష్‌బోర్డు ఫిల్టరు ఇది:

```
project = RECON AND labels = gavva AND sprint in openSprints()
```

`Gavvalu` వద్దు, `Gavvas` అసలే వద్దు, `Gawwa` అంతకన్నా వద్దు. తెలుగు లిపిలో గవ్వ అని స్లైడు మీదా స్టిక్కరు మీదా రాసుకోండి, సీఎస్వీలో మాత్రం రాయకండి; ఆ ఫైలు ఎన్‌కోడింగ్ గుర్తు లేకుండా ఎక్సెల్‌లో తెరుచుకుంటే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పేరులో ఎమోజీ కూడా వద్దు. ఉన్న ఎమోజీ శంఖం లాంటి మెలికల పెంకుది, గవ్వది కాదు. స్క్రీన్ రీడరు వాడేవాళ్లు ప్రతి వరుసలోనూ ‘స్పైరల్ షెల్’ అని వినాల్సి వస్తుంది.

క్లయింటుకి వెళ్లే ప్రతి రిపోర్టులో పేరు మొదటిసారి వచ్చినచోట ‘చెల్లింపుల రీకన్సిలియేషన్ జట్టు, టీమ్ గవ్వ’ అని పూర్తిగా రాయాలి, ఆ తర్వాత ఉత్త గవ్వ చాలు. ఆడిట్ కాగితాల్లో, ఇన్సిడెంట్ రిపోర్టు శీర్షికల్లో జట్టు పేరు అసలు వాడం, అక్కడ `RECON` ఒక్కటే. స్ప్రింట్ లక్ష్యంలోనూ చమత్కారం వద్దు. ఈసారి లక్ష్యం ఇలా ఉంటుంది: ‘పాక్షిక రీఫండ్ల వల్ల సెటిల్‌మెంట్ ఫైలుకీ లెడ్జర్‌కీ వచ్చే తేడాలు ఆటోమేటిగ్గా సరిపోలాలి.’ అందులో గవ్వని ఇరికించాలని చూడకండి. చమ్మ, అష్ట అని అరుచుకోవడానికి మన స్టాండప్ ఉంది.

అభ్యంతరం చెప్పడానికి `#recon-team` ఛానల్లో పిన్ చేసిన ఫారం ఉంది. పేరు రాయక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు, ‘వద్దు’ అన్న ఒక్క టిక్కు చాలు. ఒక్క టిక్కు పడినా గవ్వ ఆగిపోతుంది. ఎవరు పెట్టారని మేం వెతకం, మీరూ చాట్‌లో ఊహాగానాలు చేయకండి. అలా ఆగితే స్ప్రింట్ 14 `Recon-2` పేరుతోనే నడుస్తుంది. మళ్లీ ఓటింగ్ రెట్రో రోజున, జూలై 18 శుక్రవారం పెట్టుకుందాం.

అభ్యంతరం రాకపోతే జూలై 4 శుక్రవారం మధ్యాహ్నానికి బోర్డు, లేబులు, ఛానల్ పేర్లు మార్చేస్తాం. మీ లోకల్ బ్రాంచీల పేర్లు మార్చక్కర్లేదు. 7వ తేదీ నుంచి కొత్తగా తెరిచేవాటికి పెడితే చాలు.

— పేరు పని చూసిన ముగ్గురం